ఎర్ర లైటు వెలిగితే చెయ్యి తేలిక చేయాలి

"డాక్టర్ గారూ, నమస్తే. నాకు 46 ఏళ్ళు, హన్మకొండలో లెక్చరర్‌ను. మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ ఎలక్ట్రిక్ బ్రష్ తెచ్చిండు. దానితో తోముకుంటుంటే మాటిమాటికి ఎర్ర లైటు వెలిగి మోటర్ డౌన్ అయితంది. చార్జింగ్ అయిపోతుందేమో అని ఇంకా గట్టిగ ఒత్తి తోముతున్న. పై వరుసల ఎడమ దిక్కు కోరపన్ను దగ్గర చిగురు పైకి పోయింది, చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటది. ఇన్నేళ్ళు హార్డ్ బ్రషే వాడిన. మా అమ్మకు 71 ఏళ్ళు, వేళ్ళకు కీళ్ళవాతం, మామూలు బ్రష్ సరిగ పట్టుకోలేకపోతున్నది. గింత ఖరీదు బ్రష్‌తోని నిజంగ లాభం ఉన్నదా? ఉంటే ఇంట్ల ఎవరు వాడాలె?"
— ఒక పాఠకుడు, హన్మకొండ

నమస్తే. ముందు ఆ లైటు సంగతి చూద్దాం, ఎందుకంటే దాన్ని అర్థం చేసుకునేదాకా రోజూ నష్టం జరుగుతూనే ఉంటుంది. అది చార్జింగ్ లైటు కాదు. మీరు కావలసిన దానికన్నా ఎక్కువ నొక్కుతున్నారని బ్రష్ చెబుతోంది. మోటారు నెమ్మదించడం కూడా అందుకే, చిగురు మీద రాపిడి తగ్గాలని. మీరేమో బ్రష్‌కు బలం చాలడం లేదనుకొని ఇంకా నొక్కుతున్నారు. ఇలా ఒత్తిడిని పసిగట్టే సెన్సర్ ఉన్న బ్రష్‌ను మొదటిసారి వాడేవాళ్ళు తరచుగా చేసే పని ఇదే.

లైటు ఒత్తిడి వల్ల వెలిగిందా, చార్జింగ్ తగ్గిందా అని తేల్చుకోవడం తేలిక. ఎర్ర లైటు వెలగగానే బ్రష్‌ను పంటి మీద నుంచి కాస్త ఎత్తండి. ఎత్తగానే లైటు ఆరిపోయి మోటారు మళ్ళీ జోరందుకుంటే కారణం మీ చెయ్యి. గాలిలో పట్టుకున్నా నీరసంగానే తిరుగుతుంటే చార్జింగ్ పెట్టండి.

సెన్సర్ లోపల పెద్ద విద్య ఏమీ లేదు. కొన్ని బ్రష్‌లలో మెడ భాగం ఒత్తిడికి వెంట్రుకవాసి వంగుతుంది, ఆ కదలికను పిడిలో ఉన్న చిన్న స్విచ్చో అయస్కాంతమో పసిగడుతుంది. కొన్నింటిలో మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూస్తారు, నొక్కుడు పెరిగితే మోటారుకు బరువు పెరిగి కరెంటు ఎక్కువ లాగుతుంది. గుండ్రటి చిన్న తల ఉండే బ్రష్‌లలో లైటు వెలిగే హద్దు సుమారు 200 నుంచి 300 గ్రాముల మధ్య ఉంటుంది. పొడుగు తలతో సన్నగా కంపించే సోనిక్ బ్రష్‌కు ఇంకా తక్కువ ఒత్తిడి చాలు.

అయితే అంత ఒత్తిడి అంటే చేతికి ఎంత అనిపిస్తుందో అంకె చదివితే తెలియదు. మీ వంటింట్లో డిజిటల్ తూకం ఉంటే దాని మీద చూసుకోండి. బ్రష్ ఆఫ్ చేసి, కుచ్చును తూకం పళ్ళెం మీద ఆనించి, మీరు రోజూ నోట్లో ఎంత బలంతో నొక్కుతారో అంతే నొక్కండి. హార్డ్ బ్రష్‌కు అలవాటు పడిన చెయ్యి 400, 500 చూపించినా ఆశ్చర్యపోకండి. ఇప్పుడు మెల్లగా వదులుతూ అంకెను 150 దగ్గరికి తెచ్చి, అక్కడ ఆపి, కళ్ళు మూసుకొని ఆ బరువును చేతితో గుర్తు పట్టండి. కుచ్చును కూడా గమనించండి. పోగుల కొసలు మాత్రమే కొద్దిగా వంగి ఉండాలి. పోగులు పక్కలకు పరుచుకుపోయాయంటే కొసలు పంటికి తగలడం లేదు, వాటి పక్కభాగం రుద్దుకుంటోంది. పాచిని తీసేది కొసలే కాబట్టి, ఎక్కువ నొక్కితే రాపిడి పెరుగుతుంది తప్ప శుభ్రం పెరగదు.

గట్టిగా తోమే అలవాటు వెనక ఒక నమ్మకం ఉంటుంది, పళ్ళ మీద ఉన్నది బలంగా రుద్దితే తప్ప పోదని. నిజానికి పాచి మెత్తగా, జిగటగా ఉంటుంది, వేలిగోటితో గీకినా వచ్చేస్తుంది. అది పోవాలంటే బ్రష్ అక్కడికి చేరాలి, అంతే. అదే పాచి కొన్నాళ్ళు కదలకుండా ఉండి, లాలాజలంలోని సున్నంతో గట్టిపడితే గార అవుతుంది. గారను మామూలు బ్రష్ తీయలేదు, ఎలక్ట్రిక్ బ్రష్ కూడా తీయలేదు. దాన్ని క్లినిక్‌లో క్లీనింగ్ చేయించుకొనే తీయించాలి. టీ మరకలు, పాన్, జర్దా మరకలు కూడా ఇంతే, వాటి మీద బలం చూపితే నష్టపోయేది చిగురు.

ఇక మీ కోరపన్ను. ఎడమ వైపునే, కోరపన్ను దగ్గరే ఎందుకు అంటే, పళ్ళ వరుస ముందు నుంచి పక్కకు మలుపు తిరిగేది అక్కడే. ఆ పన్ను కొంచెం బయటికి పొడుచుకొని ఉంటుంది, దాని మీద చిగురు పొర, లోపలి ఎముక కూడా చాలామందిలో పలచనే. కుడిచేతి వాటం వాళ్ళు సాధారణంగా ఎడమ వైపుతోనే తోమడం మొదలుపెడతారు. అప్పటికి బ్రష్ మీద పేస్ట్ నిండుగా ఉంటుంది, చేతిలో బలమూ తాజాగా ఉంటుంది. మీరు కుడిచేతి వాటం వారే అయితే ఇన్నేళ్ళ అడ్డం తోముడు దెబ్బ ఎక్కువగా ఆ మలుపు మీదే పడి ఉంటుంది. హార్డ్ బ్రష్‌కు తోడు ఎర్ర పళ్ళపొడి, బొగ్గుపొడి కలిసిన పేస్టు లాంటివి ఏమైనా వాడి ఉంటే అరుగుదల ఇంకా ఎక్కువ. పంటిని అరగదీయడంలో కుచ్చు కన్నా పేస్టులోని, పొడిలోని గరుకు పదార్థానిదే పెద్ద పాత్ర. కుచ్చు దాన్ని అటూ ఇటూ ఈడుస్తుంది.

చిగురు జరిగితే పంటి వేరు బయటపడుతుంది. మామూలుగా బయటికి కనిపించే పంటి భాగం మీద ఉండే గట్టి తెల్ల పొర వేరుకు ఉండదు. చల్లదనం అందులోని సన్నటి గొట్టాల గుండా నరానికి నేరుగా అందుతుంది, ఆ జివ్వుమనడం అదే. అద్దం ముందు నిలబడి పెదవి ఎత్తి చూడండి. చిగురు అంచు దగ్గర పంటి మీద గోరుతో మెల్లగా కిందికి గీస్తే గోరు ఎక్కడైనా గాడిలో పడినట్టు తగిలిందంటే వేరు కొంత అరిగింది. గాడి లోతుగా ఉంటే పంటి రంగు సిమెంటుతో నింపించుకోవాలి. గాడి లేకుండా జివ్వుమనడమే ఉంటే పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివిటీ పేస్టు రోజూ రెండుసార్లు వాడండి. దాని పని తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మూడు రోజులకే మానేయకండి. తోముకున్నాక నురుగు ఉమ్మేయండి, వెంటనే నోటినిండా నీళ్ళు పోసుకొని పుక్కిలిస్తే మందంతా కడుక్కుపోతుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. జరిగిపోయిన చిగురు, బ్రష్ మార్చినంత మాత్రాన మళ్ళీ కిందికి రాదు. ఒత్తిడి తగ్గిస్తే ఇంకా జరగకుండా ఆగుతుంది. చిగురు జరగడానికి ఒత్తిడి ఒక్కటే కారణం కాకపోవచ్చు కూడా. తోముతుంటే రక్తం వస్తున్నా, నోరు వాసన వస్తున్నా, పన్ను కదులుతున్నట్టున్నా అది చిగుళ్ళ జబ్బు కావచ్చు. అప్పుడు నొక్కుడు తగ్గించడం చాలదు, గార తీయించాలి. మీకు షుగర్ ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది.

ఇప్పుడు ఈ బ్రష్‌తో ఎలా తోముకోవాలో చెబుతాను. సెన్సర్ తర్వాత ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే. మామూలు బ్రష్‌ను కదిలించినట్టు ఎలక్ట్రిక్ బ్రష్‌ను ముందుకూ వెనక్కూ లాగకూడదు. కదిలే పని మోటారుది. మీ పని దాన్ని సరైన చోట ఆనించి, నింపాదిగా పక్క పంటికి జరపడం. పిడిని పిడికిట్లో బిగించకండి. మూడు వేళ్ళ మధ్య, పెన్ను పట్టుకున్నట్టు పట్టుకోండి. ఈ ఒక్క మార్పుతోనే ఎర్ర లైటు వెలగడం బాగా తగ్గవచ్చు, ఎందుకంటే ఆ పట్టులో మోచేతి బలం అంతగా వేళ్ళదాకా రాదు. పేస్టు శనగగింజంత చాలు. బ్రష్‌ను నోట్లో పెట్టుకున్నాకే ఆన్ చేయండి, లేదంటే నురుగు అద్దమంతా చింది, ఆ కంగారులో తోముడు పూర్తికాకుండానే ఆపేస్తారు.

గుండ్రటి తల అయితే ఒక్కో పంటి మీద విడిగా ఆనించి, చిగురు అంచు వంపును అనుసరిస్తూ ఒక చివర నుంచి మరో చివరకు తిప్పి, అప్పుడు పక్క పంటికి వెళ్ళండి. పొడుగు తల అయితే కుచ్చు సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద ఉండేలా కొంచెం ఏటవాలుగా ఆనించి మెల్లగా జరపండి. చాలా బ్రష్‌లు 30 సెకన్లకోసారి చిన్నగా ఆగి మళ్ళీ మొదలవుతాయి. ఆ ఆగుడు నోటిలో తర్వాతి భాగానికి వెళ్ళమని సంకేతం. పైన కుడి, పైన ఎడమ, కింద ఎడమ, కింద కుడి, ఇలా నాలుగు భాగాలకు రెండు నిమిషాలు. ఒక భాగంలో ఏడెనిమిది పళ్ళు. ఒక్కో పంటికి బుగ్గ వైపు, నాలుక వైపు, నమిలే వైపు అని మూడు ముఖాలు. లెక్క వేస్తే ఒక్కో ముఖానికి దక్కేది సెకను కన్నా కాస్త ఎక్కువ, అంతే. అందుకే మోటారు ఉంది కదా అని నిమిషంలో ముగిస్తే మామూలు బ్రష్‌తో రెండు నిమిషాలు తోమిన దానికన్నా పాచి ఎక్కువ మిగిలిపోవచ్చు.

తోముడు ఎక్కడ తప్పుతోందో కంటితో చూడాలనుంటే, పాచికి రంగు పట్టించే బిళ్ళలు డెంటల్ క్లినిక్‌లో దొరుకుతాయి. రాత్రి తోముకున్నాక ఒకటి నమిలి ఉమ్మేసి అద్దంలో చూడండి. మీలా గట్టిగా తోమేవాళ్ళ నోట్లో తరచుగా కనిపించేది ఇదీ: ముందు పళ్ళు, కోరపళ్ళు తళతళలాడుతుంటాయి, కింది దవడ పళ్ళకు నాలుక వైపు చిగురు పొడుగునా రంగు గీతగా అంటుకొని ఉంటుంది. ఒత్తిడంతా ఒక చోట పడుతుంది, పాచి మరో చోట ఉండిపోతుంది. అలా ఉంటే తోముడు ఆ లోపలి వైపు నుంచే మొదలుపెట్టి, కోరపళ్ళను ఆఖరుకు ఉంచండి. పళ్ళ సందుల్లోకి మాత్రం ఏ బ్రష్ సరిగా వెళ్ళదు. అక్కడికి దారమో, సన్నటి సందు బ్రష్షో వాడాల్సిందే.

లాభం నిజంగా ఉందా అన్నదానికి వస్తాను. ఉంది, కానీ ప్రకటనల్లో చూపించేంత కాదు. వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2014లో అప్పటిదాకా జరిగిన 56 ప్రయోగాలను ఒకచోట చేర్చి పరిశీలించింది. మామూలు బ్రష్‌తో పోలిస్తే ఎలక్ట్రిక్ బ్రష్ వాడినవాళ్ళలో పాచి ఒకటి నుంచి మూడు నెలల్లో 11 శాతం, మూడు నెలలు దాటాక 21 శాతం తక్కువగా ఉంది. చిగుళ్ళ వాపులో తేడా ఇంకా చిన్నది, 6 శాతం, 11 శాతం. ఇవన్నీ పాచిని, చిగుళ్ళ వాపును కొలిచిన అంకెలు. దీనివల్ల పన్ను ఊడిపోవడం ఎంత తగ్గుతుందో వీటి నుంచి చెప్పలేం, ఆ ప్రయోగాల్లో ఎక్కువ భాగం కొద్ది నెలలవే. చేతులు బాగా పనిచేస్తూ, మెత్తటి మామూలు బ్రష్‌తో రెండు నిమిషాలు ఓపికగా తోముకునే మనిషికి ఎలక్ట్రిక్ బ్రష్ కొనకపోవడం వల్ల పెద్దగా నష్టం లేదు. అలాంటివాళ్ళు ఇంత డబ్బు పెట్టాలని నేను చెప్పను.

తేడా బాగా తెలిసేది చెయ్యి సహకరించని వాళ్ళలో. కీళ్ళవాతం, పక్షవాతం, వణుకుడు జబ్బు ఉన్నవాళ్ళు, మరొకరు తోమిపెట్టాల్సిన పెద్దవాళ్ళు, పళ్ళకు తీగలు కట్టించుకున్న పిల్లలు, ఇంకా మీలా నొక్కుడు అలవాటున్నవాళ్ళు. అందుకే మీ ఇంట్లో ఈ బ్రష్ మీద మొదటి హక్కు అమ్మగారిదే అని నా అభిప్రాయం. మామూలు బ్రష్ సన్నటి కాడను వాచిన వేళ్ళు బిగించి పట్టలేవు, పట్టినా చిన్న చిన్నగా కదిలించడం నొప్పి. ఈ బ్రష్ పిడి లావుగా ఉంటుంది, కదిలించాల్సిన పనే లేదు. అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి, మోచేతిని బల్ల మీదో సింకు అంచు మీదో ఆనించుకోమనండి. అప్పుడు పిడి బరువు మణికట్టు మీద పడదు. మీట నొక్కడానికి వేలు రాకపోతే మీరు ఆన్ చేసి ఇవ్వండి. మొదట్లో ఆ కంపనానికి చాలామంది పెద్దవాళ్ళు ఉలిక్కిపడతారు. బ్రష్‌లో నెమ్మది మోడ్ ఉంటే దానితో మొదలుపెట్టి, ముందు పళ్ళకు అలవాటైన తర్వాత వెనక పళ్ళకు వెళ్ళనివ్వండి. ఆమెకు రెండు నిమిషాలు చాలవు, తొందరపెట్టకండి. టైమర్‌కు ఆగిపోతే మళ్ళీ ఆన్ చేయండి.

అమ్మగారికి తీసిపెట్టే కట్టుడు పళ్ళు ఉంటే వాటిని ఈ బ్రష్‌తో, పేస్టుతో తోమకూడదు. ఆ ప్లాస్టిక్ మీద గీతలు పడి అందులో పాచి చేరుతుంది. బయటికి తీసి విడిగా మెత్తటి బ్రష్‌తో, సబ్బు నీళ్ళతో కడగాలి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే వాడకం మొదలుపెట్టేముందు గుండె డాక్టర్‌ను ఒక మాట అడగండి, చార్జర్ దిమ్మెను ఛాతీకి దగ్గరగా తేకుండా చూడండి.

ఒకే పిడిని మీరిద్దరూ వాడుకోవచ్చు, తల మాత్రం ఎవరిది వాళ్ళకే ఉండాలి. కలిసిపోకుండా చాలా తలల అడుగున రంగు ఉంగరాలు ఇస్తారు. మీరు కూడా కొన్ని వారాలు ఈ బ్రష్ వాడండి, సెన్సర్ మీ చేతికి మంచి శిక్షణ ఇస్తుంది. రెండు నిమిషాల్లో ఎర్ర లైటు ఒకటి రెండుసార్లకు మించి వెలగని రోజులు వరుసగా వచ్చాయంటే చెయ్యి మారినట్టే. ఆ తర్వాత సాఫ్ట్ అని రాసి ఉన్న మామూలు బ్రష్‌కు మారినా మీకు సరిపోతుంది. పాత హార్డ్ బ్రష్‌ను మాత్రం పారేయండి. సెన్సర్‌కు తెలిసేది ఒత్తిడి ఒక్కటేనని కూడా గుర్తుంచుకోండి. మీరు ఎక్కడ తోమారో, ఎక్కడ వదిలేశారో, ఏ పొడి వేశారో సెన్సర్‌కు తెలియదు. లైటు వెలగలేదంటే బాగా తోమినట్టు కాదు.

అమ్మగారికి పిడి బరువైనా, కంపనం నచ్చకపోయినా బలవంతపెట్టకండి. మామూలు సాఫ్ట్ బ్రష్ కాడకు సైకిల్ షాపులో దొరికే హ్యాండిల్ గ్రిప్ తొడిగి, లోపలి ఖాళీలో గుడ్డ కూరితే పట్టు లావవుతుంది. నిత్యం వాడటానికి ఇది కూడా పనికొస్తుంది. అయితే బ్రష్‌ను కదిలించడం ఆమెకు అప్పటికీ కష్టమే కాబట్టి, రాత్రిపూట తోముడు పని మాత్రం మీరో, ఇంట్లో మరొకరో చూసుకోవాలి.

అమెరికా నుంచి వచ్చిన బ్రష్ అన్నారు కాబట్టి చార్జర్ విషయం. దాని అడుగున సన్నటి అక్షరాల్లో వోల్టేజీ రాసి ఉంటుంది. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే ప్లగ్గు కొనకు మన సాకెట్‌లో పట్టే చిన్న అడాప్టర్ పెట్టుకుంటే చాలు. 110 లేదా 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల కరెంటుకు నేరుగా పెట్టకండి, చార్జర్ కాలిపోతుంది. దానికి వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, లేదా అదే మోడల్‌కు సరిపోయే ఇక్కడి చార్జర్ దొరుకుతుందేమో చూడాలి. ఈ మోడల్‌కు తలలు ఇక్కడ దొరుకుతాయో లేదో కూడా ఇప్పుడే కనుక్కోండి. తలను మూడు నెలలకోసారి మార్చాలి, ఇద్దరికి కలిపి ఏడాదికి ఎనిమిది. ఈ బ్రష్‌కు ఏటా అయ్యే అసలు ఖర్చు అదే. మూడు నెలలు నిండకుండానే మీ బ్రష్ తల కుచ్చు విచ్చుకుపోయి, అమ్మగారిది నిటారుగానే ఉందంటే, మీరింకా గట్టిగానే నొక్కుతున్నారని తెలుసుకోండి.

చల్లనీళ్ళకు జివ్వుమనడం నాలుగు వారాల్లో తగ్గకపోయినా, ఏమీ తాగకుండానే ఆ పన్ను నొప్పి పెట్టినా, గోరుకు గాడి తగిలినా ఆలస్యం చేయకుండా పళ్ళ డాక్టర్‌కు చూపించండి. వెళ్ళేటప్పుడు మీరు వాడుతున్న బ్రష్, పేస్ట్ రెండూ సంచిలో వేసుకొని వెళ్ళండి, ఆ కుచ్చు చూస్తే డాక్టర్‌కు సగం సంగతి తెలిసిపోతుంది.